ఓజోనాలిసిస్ ముక్కలు చేతికొచ్చాక అసలు ఆల్కీన్‌ని ఎలా పట్టుకోవాలి?

ఓజోనాలిసిస్ అంటే ఓజోన్‌తో ఆల్కీన్ ద్విబంధాన్ని తెంచి కార్బొనైల్ ముక్కలు చేయడం; ఆ ముక్కల్ని చూసి అసలు ఆల్కీన్‌ని కనుక్కోమనే లెక్క రాగానే చాలామంది చేసే పని ఒకటే. రెండు కార్బొనైల్ అణువుల్ని ఎదురెదురుగా గీసి, ఆక్సిజన్లు రెండూ కొట్టేసి, మధ్యలో రెండు గీతలు పెట్టేస్తారు. చిన్న అణువులకి అది సరిపోతుంది. వలయం ఉన్నా, ద్విబంధాలు రెండున్నా ఆ ముక్కల్నే రెండు మూడు రకాలుగా అతికించవచ్చు. అతికినంత మాత్రాన అది సరైన జవాబైపోదు. ఏ అతుకు నిజమైనదో తేల్చడం మీదే ఈ వ్యాసంలో ఎక్కువ సేపు నిలుస్తాను.

ముందు ఫ్లాస్కులో ఏం జరుగుతుందో చూద్దాం

వెనక్కి నడవాలంటే ముందుకి ఎలా వచ్చామో తెలియాలి. ఆల్కీన్‌ని డైక్లోరోమీథేన్‌లో, లేదా అందులో కొంత మిథనాల్ కలిపి కరిగిస్తారు. డ్రై ఐస్, అసిటోన్ కలిపిన తొట్టిలో ఫ్లాస్కుని −78 °C దగ్గర ఉంచి, ఓజోన్ కలిసిన ఆక్సిజన్‌ని సన్నని గొట్టం ద్వారా బుడగలుగా పంపుతారు. ఆల్కీన్ మిగిలి ఉన్నంతసేపూ వచ్చిన ఓజోన్ వచ్చినట్టే ఖర్చైపోతుంది, ద్రావణానికి రంగు రాదు. ఆల్కీన్ అయిపోయిన తర్వాత మిగిలే ఓజోన్ ఆ చలిలో కరిగి లేత నీలం రంగు చూపిస్తుంది. ఆ నీలం నిలిచిందంటే చర్య పూర్తయినట్టే. అక్కడితో ఓజోన్ ఆపి, రంగు పోయేదాకా ఉత్త ఆక్సిజన్‌నో నైట్రోజన్‌నో పంపాలి.

ఈలోగా లోపల జరిగింది ఇది. ఓజోన్ ముందు ద్విబంధానికి అడ్డంగా కూర్చుని మూడు ఆక్సిజన్ల వలయం కడుతుంది. అది నిలవదు. కార్బన్ల మధ్య బంధం పూర్తిగా తెగి ఒక వైపు కార్బొనైల్, మరో వైపు కార్బొనైల్ ఆక్సైడ్ ఏర్పడతాయి. ఆ రెండూ తిరిగి వేరే వరసలో కలిసి ఓజోనైడ్ అవుతాయి. ఈ దారిని విడమరచి చెప్పినది రుడాల్ఫ్ క్రీగీ. మన లెక్కకి ఇందులో కావలసిన సంగతి ఒక్కటే: ద్విబంధపు రెండు కార్బన్లూ విడిపోయాయి, వాటి మీద ముందు నుంచీ ఉన్న హైడ్రోజన్లూ గుంపులూ ఎక్కడికీ కదల్లేదు.

ఓజోనైడ్ పెరాక్సైడ్ జాతిది. దాన్ని అలాగే ఆరబెట్టి చిక్కబరిస్తే పేలవచ్చు. అందుకే చల్లగా ఉండగానే డైమిథైల్ సల్ఫైడ్ కాస్త ఎక్కువగా కలిపి, మెల్లగా గది ఉష్ణోగ్రతకి రానిచ్చి, తరచుగా రాత్రంతా కలుపుతూ ఉంచుతారు. జింక్, ఎసిటిక్ ఆమ్లం వాడినా, ట్రైఫినైల్ ఫాస్ఫీన్ వాడినా పని అదే. ద్రావణిని తీసేసే ముందు పొటాషియం అయొడైడ్ స్టార్చ్ కాగితంతో పరీక్షించి తీరాలి. కాగితం నీలమైతే పెరాక్సైడ్ ఇంకా ఉందని అర్థం, ఇంకా ఆగాలి. ఈ ఒక్క పరీక్ష దగ్గర మాత్రం ఎవరి తొందరనీ నేను ఒప్పుకోను.

మొదటి అడుగు: చివర్లో ఏం కలిపారో చూడండి

ముక్కల్ని చూసే ముందు చర్య బాణం మీద రెండో వరస చదవండి. అక్కడ Zn/H2O అనో (CH3)2S అనో ఉంటే అది క్షయకరణ పద్ధతి. ద్విబంధపు కార్బన్ మీద ఒక హైడ్రోజన్ ఉంటే ఆల్డిహైడ్, రెండుంటే ఫార్మాల్డిహైడ్, అసలు లేకపోతే కీటోన్ వస్తాయి. జింక్ ఎందుకంటే, నీటితో ఓజోనైడ్ తెగేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆల్డిహైడ్‌ని ఆమ్లంగా మార్చకుండా అడ్డుకోవడానికి.

అక్కడ H2O2 ఉంటే అది ఆక్సీకరణ పద్ధతి. కీటోన్ కీటోన్‌గానే మిగులుతుంది, ఆల్డిహైడ్ కావలసినది కార్బాక్సిలిక్ ఆమ్లం అవుతుంది. చివరి CH2 ఫార్మిక్ ఆమ్లంగానో కార్బన్ డైఆక్సైడ్‌గానో వెళ్ళిపోతుంది. వెనక్కి వచ్చేటప్పుడు COOH కనిపిస్తే ఆ కార్బన్ మీద OH తీసేసి ఒక H పెట్టుకోవాలి. ఉదాహరణకి అసిటోన్, ప్రొపనోయిక్ ఆమ్లం వచ్చాయంటే ఆల్కీన్ (CH3)2C=CHCH2CH3, అంటే 2-మిథైల్‌పెంట్-2-ఈన్. ఆ ఒక్క హైడ్రోజన్ మరచిపోయి మార్కులు పోగొట్టుకున్న జవాబు పత్రాలు చాలా దిద్దాను.

ఇంకొక చిక్కు ఉంది. ఆమ్లం గుంపు అసలు అణువులోనే ఉండి ఉండవచ్చు. ఓలియిక్ ఆమ్లాన్ని ఇలా తెంచితే నొనానోయిక్ ఆమ్లం, అజెలాయిక్ ఆమ్లం వస్తాయి. అజెలాయిక్ ఆమ్లానికి రెండు చివర్లా COOH ఉంటుంది, కానీ ద్విబంధం నుంచి వచ్చింది ఒకటే. అసలు అణుఫార్ములా C18H34O2లో ఉన్న ఆ రెండు ఆక్సిజన్లే దాన్ని బయటపెడతాయి.

రెండో అడుగు: జమాఖర్చు సరిచూడండి

క్షయకరణ పద్ధతిలో కార్బన్ గానీ హైడ్రోజన్ గానీ ఒక్కటి కూడా పోదు. ముక్కలన్నిటి ఫార్ములాలూ కూడి, అందులోంచి ఆక్సిజన్లు తీసేస్తే అసలు ఆల్కీన్ ఫార్ములా రావాలి. తెగిన ఒక్కో ద్విబంధానికి రెండు ఆక్సిజన్లు చేరతాయి. ఈ లెక్క కుదరలేదంటే ఏదో ముక్క మన కంట పడలేదు.

ఎక్కువగా తప్పించుకునేది ఫార్మాల్డిహైడ్. దాని మరుగు స్థానం −19 °C, పైగా నీళ్ళలో బాగా కరుగుతుంది. వాయువుగా పోతుంది, లేదంటే కడిగిన నీళ్ళతో పోతుంది. ఉత్పన్నాల జాబితాలో మాత్రం అసిటోన్ ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు ఆల్కీన్ ఏది? అసలు ఫార్ములా C6H12 అయితే రెండు అసిటోన్లు కలిసిన 2,3-డైమిథైల్‌బ్యూట్-2-ఈన్. C4H8 అయితే అసిటోన్ మూడు కార్బన్లే కాబట్టి ఒక కార్బన్ తక్కువైంది, అది ఫార్మాల్డిహైడ్, ఆల్కీన్ 2-మిథైల్‌ప్రొపీన్. కనిపించిన ముక్క ఒకటే అయినా జవాబులు రెండు. ఫార్ములా తెలియకుండా ఒకే ఒక్క ఉత్పన్నం చూసి "ఇది సౌష్ఠవ ఆల్కీన్" అని తేల్చేయకండి.

ఉత్పన్నం ఒకటే వచ్చి, అందులోనే రెండు కార్బొనైల్స్ ఉంటే వలయం గుర్తుకు రావాలి. వలయంలోని ద్విబంధం తెగితే అణువు రెండుగా విడిపోదు, గొలుసుగా తెరుచుకుంటుంది. ఒక కార్బొనైల్ కార్బన్ నుంచి రెండో కార్బొనైల్ కార్బన్ దాకా, రెండిటినీ కలుపుకుని లెక్కపెడితే ఎన్ని కార్బన్లో వలయం అంత. హెక్సేన్‌డయాల్‌లో ఆరు కాబట్టి సైక్లోహెక్సీన్. అయితే ఇది ఫార్ములా C6H10 అయినప్పుడే. C12H20 అయితే రెండు హెక్సేన్‌డయాల్ ముక్కలు కలిసిన పన్నెండు కార్బన్ల వలయం, అందులో రెండు ద్విబంధాలు. ముక్కల రకం అదే, మారింది వాటి సంఖ్య.

మూడో అడుగు: అతికే దారులన్నీ రాయండి, తర్వాతే ఎంచుకోండి

ఒక కేసు పూర్తిగా చేసి చూద్దాం. ఆల్కీన్ ఫార్ములా C10H16. క్షయకరణ పద్ధతిలో ఫార్మాల్డిహైడ్, దానితో పాటు C9H14O3 అనే అణువు వచ్చాయి. పెద్ద ముక్క 3-ఎసిటైల్-6-ఆక్సోహెప్టనాల్:

```
OHC-CH2-CH(COCH3)-CH2-CH2-CO-CH3
 1   2   3         4   5   6  7
```

ముందు జమాఖర్చు. C9H14O3, CH2O కలిపితే C10H16O4. నాలుగు ఆక్సిజన్లు తీస్తే C10H16. సరిపోయింది, ఏదీ తప్పిపోలేదు. ఆక్సిజన్లు నాలుగు కాబట్టి తెగిన ద్విబంధాలు రెండు. పది కార్బన్ల సంతృప్త గొలుసుకి హైడ్రోజన్లు 22 ఉండాలి, ఇక్కడ 16 ఉన్నాయి, ఆరు తక్కువ, అంటే అసంతృప్తత మూడు. రెండు ద్విబంధాలవి. మూడోది వలయం.

ఇప్పుడు కార్బొనైల్ చివర్లు నాలుగు: ఫార్మాల్డిహైడ్, 1వ కార్బన్ దగ్గర ఆల్డిహైడ్, 3వ కార్బన్‌కి వేలాడే ఎసిటైల్ కీటోన్, 6వ కార్బన్ కీటోన్. ఫార్మాల్డిహైడ్ మిగతా మూడింటిలో ఏదో ఒకదానితో జత కట్టాలి. మిగిలిపోయిన రెండూ తమలో తాము కలిసి వలయం మూసుకోవాలి. కాబట్టి దారులు మూడే.

ఫార్మాల్డిహైడ్ ఎసిటైల్‌తో కలిసిందనుకుందాం. అప్పుడు 3వ కార్బన్ మీద ఐసోప్రొపినైల్ గుంపు వస్తుంది. 1, 6 కార్బన్లు కలుస్తాయి, ఆరు కార్బన్ల వలయం ఏర్పడుతుంది. ఇది లిమొనీన్.

ఫార్మాల్డిహైడ్ 6వ కార్బన్ కీటోన్‌తో కలిసిందనుకుంటే 1వ కార్బన్, ఎసిటైల్ కార్బన్ కలవాలి. 1, 2, 3, ఎసిటైల్ కార్బన్, మొత్తం నాలుగు. సైక్లోబ్యూటీన్.

ఫార్మాల్డిహైడ్ ఆల్డిహైడ్‌తో కలిసిందనుకుంటే 3వ కార్బన్ మీద ఎల్లైల్ గుంపు, అంటే CH2CH=CH2 వస్తుంది. ఎసిటైల్ కార్బన్, 3, 4, 5, 6 కలిసి అయిదు కార్బన్ల వలయం. ఇది 3-ఎల్లైల్-1,2-డైమిథైల్‌సైక్లోపెంటీన్.

మూడూ C10H16లే. మూడింటినీ ఓజోన్‌తో పూర్తిగా తెంచితే అవే రెండు ముక్కలు వస్తాయి. చాలామంది ఆరు కార్బన్ల వలయం చూసి, అది స్థిరమైనది కదా అని లిమొనీన్ దగ్గర ఆగిపోతారు. ఊహ సరైనదే, కానీ అది రుజువు కాదు. NMRలో ద్విబంధపు హైడ్రోజన్ల సంఖ్యని నమ్ముకున్నా లాభం లేదు. లెక్కపెట్టి చూడండి, మూడింట్లోనూ మూడే ఉంటాయి. ద్విబంధపు కార్బన్ల మీద మిథైళ్ళు కూడా మూడింట్లోనూ రెండే. సంకేతాలు ఎక్కడ పడ్డాయో, ఎలా చీలాయో చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చే ఉపాయం ఒకటి ఉంది. ఒక ద్విబంధాన్ని ముందే నోరు మూయించి, రెండోదాన్ని మాత్రం తెంచడం. లిమొనీన్‌కి ప్లాటినం ఉత్ప్రేరకం మీద ఒక్క మోల్ హైడ్రోజన్ ఇస్తే, అడ్డు తక్కువగా ఉన్న బయటి ద్విబంధం ముందుగా సంతృప్తమవుతుంది. C10H18 వస్తుంది. దాన్ని ఇప్పుడు ఓజోనాలిసిస్ చేస్తే ఫార్మాల్డిహైడ్ రాదు. వచ్చేది ఒకే అణువు, C10H18O2:

```
OHC-CH2-CH[CH(CH3)2]-CH2-CH2-CO-CH3
```

ఇందులో కార్బొనైల్స్ రెండే. జత ఎవరితో ఎవరికి అన్న ప్రశ్నే లేదు. ఆల్డిహైడ్ నుంచి కీటోన్ దాకా ఆరు కార్బన్లు, కాబట్టి వలయం ఆరు కార్బన్లది. ఎసిటైల్ ఉండాల్సిన చోట ఐసోప్రొపైల్ ఉంది, అంటే ఫార్మాల్డిహైడ్ జతకట్టింది ఆ కార్బన్‌తోనే.

మిగతా రెండు నిర్మాణాల్లో ఏదైనా నిజమై ఉంటే ఇదే ప్రయోగం వేరేగా మాట్లాడేది. అయిదు కార్బన్ల వలయం అయితే ఎల్లైల్ గుంపు ప్రొపైల్ అయ్యేది, వలయం తెగినప్పుడు ఆల్డిహైడ్ అసలు ఉండదు, రెండూ కీటోన్లే: 3-ప్రొపైల్‌హెప్టేన్-2,6-డయోన్. సైక్లోబ్యూటీన్ అయితే ఆల్డిహైడ్, కీటోన్ రెండూ ఉండేవి కానీ మధ్య దూరం నాలుగు కార్బన్లే. ఫార్ములా మూడు సందర్భాల్లోనూ C10H18O2 అయినా అణువులు వేరు వేరు.

ద్విబంధాలు రెండు మూడు ఉన్న ప్రతి చోటా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని తెంచే వీలుందా? లిమొనీన్‌లో బయటి ద్విబంధానికీ వలయంలోని దానికీ అడ్డంకిలో తేడా ఉంది కాబట్టి వీలైంది. రెండూ ఒకే తరహావైతే హైడ్రోజన్ రెండిటినీ కలగాపులగంగా తాకుతుంది, అప్పుడు ఈ దారి పనికిరాదు.

ఇదే చిక్కులో రబ్బరు

ఈ పద్ధతిని పెంచి పోషించిన కార్ల్ హారీస్‌కే ఇది ఎదురైంది. సహజ రబ్బరుని ఓజోన్‌తో తెంచితే వచ్చిన ముఖ్యమైన ముక్క లెవులినాల్డిహైడ్, CH3-CO-CH2-CH2-CHO. ఒకే ముక్క, రెండు కార్బొనైల్స్. మనం ఇందాక చెప్పుకున్న సూత్రం ప్రకారం అతికిస్తే ఏమొస్తుంది? ఒక్క ముక్కని తనతోనే మూస్తే 1-మిథైల్‌సైక్లోబ్యూటీన్. రెండు ముక్కల్ని ఒకదాని తల ఇంకొకదాని తోకకి చేర్చి మూస్తే ఎనిమిది కార్బన్ల వలయం, 1,5-డైమిథైల్‌సైక్లోఆక్టా-1,5-డయీన్. వేల ముక్కల్ని వరసగా చేర్చుకుంటూ పోతే పొడవైన గొలుసు. మూడింటి నుంచీ వచ్చేది లెవులినాల్డిహైడే.

1905లో హారీస్ ఎనిమిది కార్బన్ల వలయాన్ని ఎంచుకున్నాడు. ఆ వలయాలు గుంపుగా పోగుపడి రబ్బరు అవుతున్నాయని భావించాడు. ముక్కని ఆయన సరిగ్గానే గుర్తించాడు, అతుకూ సరైనదే. తేలనిది ఎన్ని ముక్కలన్నది. రబ్బరు అణుభారం నమ్మకంగా చేతిలో లేదు కాబట్టి మన జమాఖర్చు అడుగు ఆయనకి అందుబాటులో లేకపోయింది.

1920లో హెర్మన్ స్టాడింగర్ ఇవి పొడవైన గొలుసులని వాదించాడు. ఆ తర్వాత రబ్బరుకి హైడ్రోజన్ చేర్చి చూశాడు. చిన్న వలయాలే పోగుపడి ఉంటే, ద్విబంధాలు పోయాక అవి విడివడి, స్వేదనానికి లొంగే మామూలు హైడ్రోకార్బన్ రావాలి. అలా రాలేదు. హైడ్రోజన్ చేరిన రబ్బరు కూడా కొల్లాయిడ్‌గానే మిగిలింది. లిమొనీన్ దగ్గర మనం వాడిన హైడ్రోజనే ఇక్కడా తీర్పు చెప్పింది, అడిగిన ప్రశ్న మాత్రం వేరు.

ముక్కలే అబద్ధం చెప్పే సందర్భాలు

ఇప్పటిదాకా చేతిలోని ముక్కలు నిజమైనవని నమ్మాం. ఫ్లాస్కులో అవి మారిపోయే వీలుంది. అన్నిటికన్నా ఎక్కువగా దారి తప్పించేది ఆల్డాల్ సంఘననం. హెక్సేన్‌డయాల్ లాంటి రెండు చివర్ల ఆల్డిహైడ్‌కి కాస్త క్షారమో ఆమ్లమో, వేడో తగిలితే తనలో తానే కలిసి, నీటిని కోల్పోయి సైక్లోపెంట్-1-ఈన్-1-కార్బాల్డిహైడ్ అవుతుంది. దాన్నే ఓజోనాలిసిస్ ముక్క అనుకుంటే వెనక్కి వెళ్ళి ఎక్కడికో చేరతాం. పట్టుకునే గుర్తు సులువు: ఓజోన్ చాలినంత పంపిన తర్వాత కూడా ఉత్పన్నంలో ద్విబంధం కనిపిస్తోందంటే, అది తర్వాత పుట్టినదేమో అని అనుమానించాలి. ఫార్ములాలో ఒక H2O తక్కువ పడటం రెండో గుర్తు.

ఆల్డిహైడ్ పక్కనే కొంచెం ఆమ్లం కూడా కనిపిస్తే క్షయకరణం పూర్తి కాలేదనో, ఆల్డిహైడ్ గాలికి ఆక్సీకరణం చెందిందనో అర్థం. రెండింటికీ కార్బన్ల అమరిక ఒకటే అయితే, అదనంగా మూడో ముక్క వచ్చిందని లెక్కలో చేర్చకండి. మిథనాల్ వాడినప్పుడు ఆల్డిహైడ్ ఎసిటాల్‌గా మారి OCH3 సంకేతాలు చూపించవచ్చు. అవి ద్రావణి నుంచి వచ్చినవి, అసలు అణువువి కావు.

ముక్కల్లో లేని సమాచారం

ద్విబంధం తెగగానే దాని రెండు వైపుల అమరిక కూడా పోతుంది. సిస్, ట్రాన్స్ బ్యూట్-2-ఈన్లు రెండూ రెండేసి ఎసిటాల్డిహైడ్లే ఇస్తాయి. రబ్బరులో ద్విబంధాలు సిస్, రబ్బరులాగే చెట్టు పాల నుంచి వచ్చే గట్టా పెర్చాలో ట్రాన్స్. ఒకటి సాగుతుంది, ఇంకొకటి గట్టిగా ఉంటుంది. ఓజోన్‌కి మాత్రం రెండూ ఒకటే, రెండిటి నుంచీ లెవులినాల్డిహైడే వస్తుంది. కాబట్టి ఓజోనాలిసిస్ ఒక్కదాని ఆధారంగా జవాబు రాసేటప్పుడు E గానీ Z గానీ పెట్టకూడదు. అది కావాలంటే తెంచకముందే ఆల్కీన్‌నే చూడాలి. ద్విబంధపు రెండు కార్బన్ల మీదా ఒక్కో హైడ్రోజన్ ఉంటే, వాటి NMR చీలిక సుమారు 16 Hz అయితే ట్రాన్స్, 10 Hz దగ్గరయితే సిస్. పరారుణ వర్ణపటంలో 965 cm⁻¹ దగ్గర బలమైన పట్టీ ఉంటే అది కూడా ట్రాన్స్‌కే సాక్ష్యం. అందుకని ఫ్లాస్కులోకి ఓజోన్ వదిలే ముందే కొంచెం ఆల్కీన్ పక్కన తీసి ఈ రెండు వర్ణపటాలూ తీయించి పెట్టుకోండి, తెంచాక అడగడానికి ఆల్కీన్ మిగలదు.